వీధి మలుపు ప్రసంగానికి మూడే హామీలు, ఒక్కటే నినాదం

ప్రశ్న: "మా వదిన కర్నూలు పాతబస్తీలో కార్పొరేటర్‌గా మొదటిసారి నిలబడుతోంది. సాయంత్రాలు వీధి మలుపుల్లో మైకు పట్టుకుని మాట్లాడాలి. పద్నాలుగు హామీలు రాసుకున్నాం. జనం రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోతున్నారు, మర్నాడు అడిగితే ఎవరికీ ఏదీ గుర్తుండటం లేదు. నినాదాలు, హామీలు ఎలా రాసుకోవాలి?"

పద్నాలుగు హామీల్లో పదకొండింటిని మైకు దాకా రానివ్వకండి. మూడే ఉంచండి. ఆ మూడూ ఆమె నిలబడి మాట్లాడే చోటు నుంచి చెయ్యి చాపి చూపించగలిగినవై ఉండాలి: ఫలానా స్తంభం, ఫలానా కాలువ, ఫలానా కుళాయి. మూడింటినీ కలిపి ఒక్క ఊపిరిలో అనగలిగే నినాదం ఒకటి చేసుకోండి. ప్రసంగం ఐదు నిమిషాలు దాటనివ్వకండి. ఆ ఐదు నిమిషాల్లో నినాదం నాలుగు సార్లు వినపడాలి, అందులో రెండు సార్లు జనం నోటి నుంచే రావాలి. మిగతా పదకొండు హామీలు ఇంటింటికీ తిరిగేటప్పుడు, ఎవరికి ఏది అవసరమో చూసి చెప్పడానికి పనికొస్తాయి.

కర్నూలులోనూ అనంతపురంలోనూ వార్డు అభ్యర్థులకు చాలా కాలంగా ప్రసంగాలు రాసిపెడుతున్నాను, వాళ్లు మాట్లాడుతుంటే పక్కన నిలబడి వింటున్నాను. అక్కడ చూసిందే చెప్తాను.

ముందు, జనం రెండు నిమిషాలకే ఎందుకు వెళ్లిపోతున్నారో చూద్దాం. బహిరంగ సభకు మనుషులు విందామని వస్తారు. వీధి మలుపులో ఎవరూ వినడానికి రారు. ఒకామె పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చి ఆగుతుంది. ఒకాయన బండి ఆపి, ఇంజన్ ఆపకుండా వింటాడు. మిద్దె మీద బట్టలు తీసుకుంటున్న ఆమెకు గొంతు వినపడుతుంది గానీ మనిషి కనపడదు. అంటే మీ శ్రోతల్లో సగం మంది మధ్యలో వచ్చి మధ్యలోనే పోతారు. మొదట్లో పరిచయం, నడుమ సమస్యలు, చివర హామీలు అని వరసగా రాసుకుంటే, ఆఖరి నిమిషం దాకా నిలబడినవాళ్లకే హామీలు చేరతాయి. అలా నిలబడేది ఎక్కువగా మీ సొంత మనుషులే.

అందుకే ప్రసంగాన్ని చుట్లుగా రాయాలి. ఒక్కో చుట్టు నిమిషం, నిమిషంన్నర. ప్రతి చుట్టులో ఒక బాధ, ఒక హామీ, వెంటనే నినాదం. నినాదంలో మూడు హామీలూ ఉంటాయి కాబట్టి, ఏ నిమిషంలో వచ్చి ఏ నిమిషంలో పోయినా మూడూ ఒక్కసారైనా చెవిన పడతాయి. మిద్దె మీద ఉన్నామెకు మీ వదినగారు చెయ్యి చూపించేది కనపడదు కదా, అందుకని "ఇదిగో ఈ స్తంభం" అని ఊరుకోకుండా "కిరాణా కొట్టు ముందున్న స్తంభం" అని నోటితో చెప్పాలి. చెయ్యి చూపడం ఎదురుగా ఉన్నవాళ్ల కోసం, పేరు చెప్పడం కనపడనివాళ్ల కోసం.

మూడు హామీలను ఎలా ఏరుకోవాలి

కర్నూలు నగరపాలక సంస్థలో 2021 ఎన్నికలకు 52 డివిజన్లు ఉన్నాయి. అనంతపురం, కడపల్లో యాభై చొప్పున. గెలిచినా మీ వదినగారు కౌన్సిల్లో అంతమందిలో ఒకరు. పింఛను మంజూరు చేసేది ఆమె కాదు, రేషన్ కార్డు ఇచ్చేది ఆమె కాదు, ఆస్తి పన్ను ఎంతో ఒక్కతే తేల్చలేదు. ఇది మనకంటే జనానికే బాగా తెలుసు. "అందరికీ పక్కా ఇళ్లు" అని కార్పొరేటర్ అభ్యర్థి అంటే ఎవరూ ఎదురు చెప్పరు, చెవిలో వేసుకోరు కూడా.

అందుకని హామీలను రాసుకున్నాక మూడు కుప్పలుగా వేయండి. మొదటిది, ఆమె ఎవరినీ అడగకుండా తన చేతుల మీదుగా చేయగలిగేది. రోజూ ఫలానా వేళకు ఫలానా చోట కూర్చోవడం లాంటివి. రెండోది, ఇప్పటికే ఉన్న సిబ్బంది చేత వెంటపడి చేయించగలిగేది. ఆరిపోయిన వీధి దీపం, పూడిపోయిన కాలువ, నీళ్ల వేళలు ఇందులోకి వస్తాయి. మూడోది, డబ్బు మంజూరు కావాల్సినవి: కొత్త పైపులైను, కొత్త సిమెంటు కాలువ, సామాజిక భవనం. ఇంజనీరు అంచనా వేయాలి, కౌన్సిల్ ఒప్పుకోవాలి, టెండరు పిలవాలి, అప్పటికి గానీ పార పట్టరు. నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్లు.

మైకులో చెప్పే మూడింట్లో కనీసం రెండు మొదటి రెండు కుప్పల నుంచి రావాలి. మూడో కుప్పలోంచి తీసుకుంటే ఒక్కటే తీసుకోండి, దాన్ని "వేయిస్తా" అనకుండా "మొదటి ఏడాదిలోనే అంచనా వేయించి కౌన్సిల్లో పెడతా" అని చెప్పించండి. తేలికగా వినపడుతుందేమోనని అభ్యర్థులు భయపడతారు. నేను చూసినంతలో జనానికి అది నిజంలాగా వినపడుతుంది, ఎందుకంటే పని ఎక్కడ ఆగుతుందో ఈ మనిషికి తెలుసు అనిపిస్తుంది.

ఇక ఏ మూడు అన్నది. "మీ సమస్యలేంటి?" అని అడగకండి. అలా అడిగితే అందరూ రోడ్లు, నీళ్లు, ఉద్యోగాలు అని బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్తారు. "పొద్దున లేస్తూనే మిమ్మల్ని విసిగించేది ఏంది?" అని అడగండి. జవాబు మారిపోతుంది. దాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మీ భాషలోకి మార్చకండి.

ఒక వార్డులో ఇది ఎలా కుదిరిందంటే

హంద్రీ నదికి దగ్గరగా ఉన్న ఒక పాత వార్డులో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడిన ఒకామెకు రాసిపెట్టాను. కుట్టు మిషను మీద బతికే మనిషి, అందరూ టైలరక్క అంటారు. ఆమె జాబితాలో మొదటి హామీ "ఇరవై నాలుగు గంటలూ తాగునీరు". కర్నూలుకు నీళ్లు తుంగభద్ర మీద ఆధారం, ఎండాకాలం నది సన్నబడితే రోజు విడిచి రోజు వదలడం ఊరికి అలవాటే. ఇరవై నాలుగు గంటలన్నది ఎవరూ నమ్మే మాట కాదు.

వీధిలో అడిగితే తేలిందేమంటే, నీళ్లు తక్కువని విసుగు ఒకవైపుంటే, ఎప్పుడొస్తాయో తెలియకపోవడం అంతకంటే పెద్ద విసుగు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి, మరో రోజు పొద్దున ఏడింటికి. ఆడవాళ్లు కుళాయి కింద ఖాళీ బిందె పెట్టి పడుకుంటున్నారు, నీటి చుక్క బిందెలో పడ్డ శబ్దానికి లేవొచ్చని. ఇది విన్నాక హామీ మారింది. నీళ్లు ఎక్కువ తెస్తానని కాదు, నీళ్లు వదిలే వేళ ముందురోజు సాయంత్రమే తెలిసేలా చేస్తానని. వాల్వు తిప్పే మనిషిని కనుక్కుని, కిరాణా కొట్టు గోడ మీద పలక పెట్టి రాయిస్తే చాలు. దీనికి టెండరు అక్కర్లేదు.

కాలువదీ అంతే. "డ్రైనేజీ సమస్య పరిష్కరిస్తాం" అని రాసుకున్నారు. వీధిలో ఒక ముసలాయన చెప్పింది వేరు. కాలువ తీయడం లేదని కాదు, తీస్తారు. తీసిన బురదను ఒడ్డునే కుప్ప పోసి పోతారు. అది ఎండి, బండ్ల చక్రాల కింద నలిగి, వాన పడగానే మళ్లీ అదే కాలువలోకి జారుతుంది. ఆయన చెప్పిన ఆ ఒక్క మాటతో హామీ తయారైంది: జూన్ వానలకు ముందే పూడిక తీయించడం, తీసిన బురద అదే రోజు బండికెత్తించడం. 2009 అక్టోబరు వరద చూసిన ఊరు ఇది. "మీ వీధిలోకి ఇక నీళ్లు రావు" అని ఏ అభ్యర్థీ అనకూడదు, తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగితే కార్పొరేటర్ చేసేదేమీ లేదు. మామూలు వానకు మోరీ నీళ్లు గడప ఎక్కకుండా చూస్తానని మాత్రం చెప్పొచ్చు.

మూడోది దీపాలు. ఆ సందులో వరసగా మూడు స్తంభాలకు దీపాల్లేవు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు చుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీదుగా వస్తున్నారు. "వీధి దీపాలు" అని రాసుకున్నదాన్ని "కిరాణా కొట్టు నుంచి కుళాయి గట్టు దాకా మూడు స్తంభాలు" అని మార్చాం.

నినాదం

ఈ మూడింటినీ కలిపితే వచ్చింది ఇది:

వేళకు నీళ్లు – వీధికి దీపం – వానకు ముందే కాలువ శుభ్రం!

మూడు ముక్కలూ 'వ'తో మొదలవుతాయి, ఒకటి గుర్తొస్తే రెండోది అదే నోటికి వస్తుంది. మొదటి రెండూ రెండేసి మాటలే, పొడుగాటి ముక్క చివరికి పెట్టాం. పొడుగుది మధ్యలో వస్తే జనం అక్కడే తడబడి ఊరుకుంటారు. ఇందులో "అభివృద్ధి", "ప్రగతి", "సేవ" లాంటి మాట ఒక్కటి కూడా లేదని గమనించండి. ఆ మాటలు అన్ని పార్టీల గోడల మీదా ఉంటాయి, వింటే ఎవరిదో తెలియదు.

పాతబస్తీ కాబట్టి అదే నినాదం ఉర్దూలోనూ అనిపించాం: "వక్త్ పే పానీ, గలీ మే రోష్నీ, బారిష్ సే పెహలే నాలీ సాఫ్!" మీ వదినగారికి ఉర్దూ రాకపోతే బలవంతాన పలికించకండి, అదే వీధి మనిషి చేత అనిపించండి. వరస మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే ఉండాలి.

పెద్ద నినాదం ఒక్కటే, ఒకసారి వరస తేలాక అది ప్రచారం ముగిసేదాకా మారకూడదు. ఒక్కో హామీకి ఒక చిన్న జత మాట ఉండొచ్చు: "కాలువ పారాలి – దోమ పోవాలి", "దీపం వెలగాలి – ధైర్యంగా నడవాలి". ఇవి సందర్భాన్ని బట్టి వాడుకునేవి. కుర్రాళ్లకు రెండు రోజులకు ఒక కొత్త నినాదం కట్టాలన్న సరదా పుడుతుంది. అనేవాళ్లకు విసుగొచ్చే వేళకు, వినేవాళ్లు అప్పుడప్పుడే దాన్ని గుర్తుపట్టడం మొదలుపెడతారు. కాబట్టి ఆపాల్సింది కుర్రాళ్లనే.

ఆమె మాట్లాడిన ప్రసంగం

దాదాపు ఇలాగే ఉండేది. గుర్తు గాలిపటం అనుకుందాం.

"అక్కా, అమ్మా, అన్నా, పెద్దాయనా, అందరికీ నమస్కారం, సలాం. నేను మీ టైలరక్కను. ఐదు నిమిషాలే మాట్లాడతా, నిలబడి ఇనండి.

నిన్న నీళ్లు ఎన్నింటికి వచ్చినాయక్కా? (ఇక్కడ ఆగాలి. ఎవరో ఒకరు 'మూడింటికి' అంటారు.) తెల్లారుజామున మూడింటికి! మొన్న ఏడింటికి. రేపు ఎన్నింటికో మీకు తెలుసునా? నాకూ తెల్దు. బిందె పెట్టుకుని పండుకోవాల్సిందే. ఏటిలో నీళ్లు నేను పుట్టించలేను. కానీ ఎన్నింటికి వదుల్తారో ముందే చెప్పొచ్చు కదా? రేపటి వేళ ఈరోజు సాయంత్రం ఆరింటికి మన కిరాణా కొట్టు గోడ మీద పలక మీద రాయిస్తా. రాయకపోతే నా ఇంటికొచ్చి అడగండి, ఇల్లు మీకు తెలుసు. ఒకటో మాట ఏందక్కా? వేళకు నీళ్లు! వీధికి దీపం! వానకు ముందే కాలువ శుభ్రం!

ఇంక రెండోది. ఈ కిరాణా కొట్టు ముందున్న స్తంభం చూడండి. దాని అవతల ఇంకోటి, కుళాయి గట్టు కాడ ఇంకోటి. మూడింటికీ దీపాల్లేవు. మన పిల్లలు చదువుకుని వచ్చేది ఎనిమిదింటికి. ఈ సందులో రాలేక పెద్ద రోడ్డు చుట్టి వస్తున్నారు. గెలిచిన మొదటి నెలలోనే ఈ మూడు స్తంభాలకు దీపాలు పెట్టిస్తా. మూడే. లెక్క మీరే పెట్టుకోండి. రెండో మాట ఏంది? (జనం 'వీధికి దీపం' అన్నాక నినాదం మొత్తం వాళ్ల చేతే అనిపించాలి.)

మూడోది మన మోరీ. తీస్తారు, తీయరని నేను అనను. తీసిన బురద ఏం చేస్తారు? ఒడ్డున పోస్తారు! వాన పడితే యాడికి పోతాది? మళ్లీ మోరీలోకే. జూన్‌కు ముందే తీయిస్తా, తీసిన బురద ఆ రోజే బండికెత్తిస్తా. నేను ఇక్కడ నిలబడి ఎత్తిస్తా. మూడో మాట? (జనం అంటారు, మళ్లీ నినాదం మొత్తం.)

ఇంతే నేను చెప్పేది. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. ఒక వేలు – వేళకు నీళ్లు. రెండో వేలు – వీధికి దీపం. మూడో వేలు – వానకు ముందే కాలువ శుభ్రం. గుర్తు గాలిపటం. మీ ఓటు గాలిపటానికి వేసి, ఈ మూడూ నా చేత చేయించుకోండి. నమస్కారం."

గట్టిగా చదివి చూడండి. జనం జవాబులకు ఆగే సమయం కలుపుకుంటే నాలుగు నిమిషాలకు అటూ ఇటూ వస్తుంది. మైకులో నిమిషానికి నూరు మాటలు దాటితే సందుల్లో గోడలకు తగిలి తిరిగొచ్చే గొంతు, తర్వాతి మాట మీద పడి రెండూ పాడవుతాయి. వాక్యం వాక్యానికీ ఆగాలి. స్పీకరును ఎదురుగోడ వైపు కాకుండా సందు పొడవునా తిప్పి పెట్టించండి, సగం గందరగోళం తగ్గుతుంది.

పై ప్రసంగంలో రెండు చోట్లు ముఖ్యమైనవి. ఒకటి, మొదటి ప్రశ్న. "నీళ్లు ఎన్నింటికి వచ్చినాయి" అన్నదానికి జవాబు అందరికీ తెలుసు, కాబట్టి ఎవరో ఒకరు నోరు తెరుస్తారు. ఒకసారి నోరు తెరిచాక నినాదం అనడానికి మొహమాటం ఉండదు. "మనకు మార్పు కావాలా వద్దా?" అని అడిగితే మీ కుర్రాళ్లే "కావాలి" అని అరుస్తారు, జనం చూస్తూ ఉంటారు. రెండోది, "లెక్క మీరే పెట్టుకోండి" అన్నచోటు. జనం చేతికి కొలత ఇచ్చిన హామీ అది. మూడు స్తంభాలు అని ఆమె అన్నాక, దారిన పోయే ప్రతివాళ్లూ ఆ మూడూ చూస్తారు. చూసినప్పుడల్లా ఆమె మాట గుర్తొస్తుంది, మీరు పోస్టరు అంటించక్కర్లేదు.

వీధి మారితే ఏం మారాలి

నినాదం, హామీల వరస మారవు. స్తంభాలు, కాలువ, పలక పెట్టే గోడ మారతాయి. పక్క వీధిలో దీపాలన్నీ వెలుగుతుంటే రెండో హామీ అక్కడ ఎలా చెప్పాలి? అదే వార్డులో చీకటిగా ఉన్న సందు పేరు చెప్పి, ఆ దారిలో నడిచేది వీళ్ల పిల్లలే కదా అని కలపాలి. అందుకే ఒక్కో మలుపుకూ ముందుగా ఒక చీటీ రాసుకోండి: నీళ్లు నిన్న ఎన్నింటికి వచ్చాయి, చీకటి స్తంభాలు ఎన్ని, ఎక్కడ, కాలువ ఎక్కడ ఆగుతోంది. సాయంత్రం మాట్లాడే చోటికి పొద్దున ఒక మనిషి వెళ్లి ఇవి కనుక్కుని రావాలి. పాత లెక్క చెప్పొద్దు. నిన్న బాగుచేసిన దీపం గురించి ఇవాళ ఫిర్యాదు చేస్తే, ఎదురుగా ఉన్న చిన్న పిల్లవాడు కూడా "వెలుగుతాంది కదా" అంటాడు, ఆ తర్వాత చెప్పిన మాటలేవీ నిలవవు.

ఊరు మారినా అంతే. అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి, కడపలో 2020 నవంబరులో బుగ్గవంక పొంగింది. అక్కడి వార్డుల్లో కాలువ హామీ మూడో స్థానంలో ఉండకూడదు, అదే మొదటిది. వంకకు గోడ కట్టిస్తానన్నది మాత్రం కార్పొరేటర్ చేతిలో ఉండే పని కాదు. తన వార్డు మోరీలు వంకలో కలిసే చోట చెత్త అడ్డుపడకుండా తీయిస్తానన్నది ఆమె చెప్పగలిగే మాట.

మైకు దగ్గర జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ప్రత్యర్థి పేరు తలచుకోవడం. ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు ఆయన్ను తిడితే మర్నాడు వీధిలో వినపడేది ఆయన పేరే. పేరు లేకుండా పని గురించే మాట్లాడితే చాలు, ఎవరి గురించో జనానికి తెలుసు.

రెండోది, పై నుంచి వచ్చిన నాయకుడు ముందు మాట్లాడటం. ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడాక మీ వదినగారికి మైకు అందేసరికి సందు ఖాళీ. ఎంత పెద్దాయన వచ్చినా అభ్యర్థే ముందు మాట్లాడాలని మొదటిరోజే మర్యాదగా చెప్పి ఒప్పించండి. ఆయన చివర ఆ మూడు హామీలనే మళ్లీ చెప్తే బలం, కొత్త హామీ చెప్తే నష్టం.

మూడోది, గుంపులోంచి ఎవరో అడిగితే అక్కడికక్కడ ఒప్పేసుకోవడం. "మా అత్తకు పింఛను ఆగిపోయిందమ్మా, ఇప్పిస్తావా?" అని అడుగుతారు. "ఇప్పిస్తా" అన్నారంటే నాలుగో హామీ పుట్టింది, అదీ తన చేతిలో లేనిది. టైలరక్క ఇలా అనేది: "పింఛను ఇచ్చేది గవర్నమెంటు, నేను ఇస్తానంటే అబద్ధం. కాగితం వార్డు సచివాలయంలో యాడ ఆగిందో రేపు నీతో కలిసి వచ్చి అడుగుతా." మర్నాడు పోయి అడిగింది కూడా. ఇక్కడ వెళ్లడం తప్పనిసరి, వెళ్లలేకపోతే ఆ మాట అనకూడదు.

"మీ ఇంటి పన్ను నేనే కడతా", "కుళాయి డిపాజిట్టు నా జేబులోంచి ఇస్తా" లాంటివి ఉత్సాహంలో నోరుజారేవి. సొంత డబ్బు ఇస్తానని ఓటరుకు ఆశ చూపడం లంచం కిందికి వస్తుంది, ఎన్నిక మీదకే రావచ్చు. కులం పేరు, మతం పేరు చెప్పి ఓటు అడగడం కూడా అంతే. గుడి అరుగు, మసీదు మెట్లు ప్రచార వేదికలు కాకూడదు. మైకుకూ మాట్లాడే చోటుకూ పోలీసుల అనుమతి ముందే తీసుకోండి, ఆ కాగితం మైకు బండిలోనే పెట్టుకోండి. రాత్రి పదింటికి మైకు ఆగిపోవాలి, పది కొట్టే వేళకు నినాదం మధ్యలో ఉన్నా ఆపేయాలి. అజాన్ వినపడితే మాట ఆపి, అది అయ్యాక మొదలుపెట్టాలి. అప్పుడు ఉన్న జనం ఎటూ పోరు, కంగారు పడక్కర్లేదు.

గుర్తుందో లేదో తెలుసుకోవడం

మీరు మర్నాడు అడిగి చూశామన్నారు, అది మంచి పని. అడిగే తీరు కొంచెం మార్చండి. మీ మనిషని తెలిస్తే జనం మొహమాటానికి "బాగా మాట్లాడిందమ్మా" అంటారు. ఆ వీధికి తెలియని మనిషిని టీ కొట్టుకు, నీళ్లు పట్టే చోటుకు పంపించి "రాత్రి ఎవరో మాట్లాడినట్టున్నారు, ఏమన్నారు?" అని మాత్రమే అడిగించండి. "బాగా మాట్లాడింది" అంటే ఏమీ గుర్తులేనట్టే. "అదే, ఆ మూడు స్తంభాలకు దీపాలు పెట్టిస్తాదంట" అంటే చేరినట్టు. ఐదారుగురు చెప్పినవి రాసుకుంటే మూడింట్లో ఏది జారిపోతోందో తెలుస్తుంది. మామూలుగా నడిమిది జారుతుంది. అందుకే వీధికి బాగా మంట పుట్టించేది మొదట, దాని తర్వాతిది చివర, కాస్త తేలికది నడుమ పెట్టాలి. ఈ వరసను మొదటి రెండు మూడు మలుపుల్లోనే తేల్చుకుని, కరపత్రం ఆ తర్వాతే అచ్చుకు ఇవ్వండి. మైకులో ఒక వరస, కాగితం మీద ఇంకో వరస ఉంటే రెండూ గుర్తుండవు.

కరపత్రం అరచేతిలో పట్టేంత చాలు. ముందువైపు మూడు హామీలు, మైకులో అన్న మాటల్లోనే. వెనక గుర్తు, పేరు, ఫోన్ నంబరు. అచ్చువేసిన ప్రెస్సు పేరు, వేయించినవాళ్ల పేరు అడుగున ఉండాలి, అది నియమం. మూడు హామీల కింద ఖాళీ ఉందని నాలుగోది ఇరికించకండి. ఆ జాగాలో ఆ వీధి స్తంభాల సంఖ్య, పలక పెట్టే గోడ చేత్తో రాసి ఇస్తే ఇంకా మంచిది. టైలరక్క అలాగే రాసి ఇచ్చింది, కొన్ని ఇళ్లలో ఆ కాగితాన్ని క్యాలెండరు వెనక దోపి ఉంచారు.

ప్రచారం ముగిసే ముందు రెండు సాయంత్రాలు ప్రసంగం ఇంకా చిన్నది చేయండి. అప్పటికి బాధలు చెప్పక్కర్లేదు. నినాదం, మూడు వేళ్లు, గుర్తు, ఆ వీధివాళ్లు ఓటు వేసే పోలింగ్ కేంద్రం ఏ బడిలో ఉందో, అంతే. ఒకటిన్నర నిమిషం. ఐదు నిమిషాలు మాట్లాడే చోట మూడు మలుపులు తిరిగి రావచ్చు.